తెలుగు గుణింతం, ఇంగ్లీషు స్పెల్లింగు – ఒక పరిశీలన

ఈ వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠంలాంటిది రాయమని అడిగినప్పుడు, మనందరికీ అనుభవంలో ఉన్న విషయాన్నే ఎంచుకున్నాము. మన హాస్టల్లో ఆరవ తరగతి పిల్లవాడు ఒకడు ఈనాడు పేపరు గడగడా చదువుతాడు. అర్థం కాని మాటను కూడా తప్పు లేకుండా పలుకుతాడు. అదే పిల్లవాడు ఇంగ్లీషు రీడరు ముందు పెడితే మూడో మాట దగ్గర ఆగిపోతాడు. వాడి పక్క మంచం వాడికి తెలుగే రాదు. ఐదేళ్ళు బడికి పోయినా వత్తు కనబడితే చాలు, తడబడతాడు. ఇద్దరినీ కలిపి "మొద్దులు" అనేయడం సులభం. కానీ ఈ ఇద్దరి కష్టాలూ ఒకటి కావు. ఒకడికి అడ్డం వచ్చింది ఇంగ్లీషు లిపి స్వభావం, రెండోవాడికి అడ్డం వచ్చింది తెలుగు లిపి స్వభావం. ఏ లిపి ఎక్కడ అడ్డం వస్తుందో తెలిస్తే స్టడీ అవరులో ఎవరికి ఏమి నేర్పాలో తెలుస్తుంది.

1. అక్షరం వేరు, వర్ణం వేరు

మనం మాటల్లో అక్షరం, వర్ణం రెండూ ఒకటే అన్నట్టు వాడుతాం. ఈ వ్యాసం వరకు వేరు చేసుకుందాం. నోటిలో విడదీయగల అతి చిన్న ధ్వని వర్ణం. 'కి' అన్నప్పుడు క్ ఒక వర్ణం, ఇ మరో వర్ణం. రెండూ కలిసి ఒక్క ఊపులో పలికే ముక్క అక్షరం. ఇంగ్లీషు లిపి వర్ణానికొక గుర్తు పెట్టాలనుకున్న లిపి. 'కి' అని రాయాలంటే కె ఒకటి, ఐ ఒకటి, రెండు గుర్తులు పక్కపక్కన నిలబడతాయి. అచ్చుకూ హల్లుకూ సమానమైన చోటు. ఇలాంటి దాన్ని ఆల్ఫాబెట్ అంటారు.

తెలుగు లిపి అక్షరానికొక ముక్క చొప్పున కడుతుంది. హల్లే పునాది. ఏ గుర్తూ మార్చకుండా 'క' అని రాస్తే అందులో 'అ' దాగి ఉంటుంది. వేరే అచ్చు కావాలంటే తలకట్టు తీసి గుడి పెట్టాలి, కొమ్ము తగిలించాలి. అచ్చు అసలే వద్దంటే పొల్లు పెట్టాలి. ఇలాంటి లిపులకు అబుగిడ అనే పేరును 1990లో పీటర్ డానియెల్స్ అనే అమెరికన్ పండితుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఆ మాట ఇథియోపియా నుండి తీసుకున్నది. అక్కడి లిపిలో వరసగా వచ్చే నాలుగు అక్షరాలు అ, బు, గి, ద. ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క అచ్చు మారుతూ వస్తుందని గమనించండి. అది కూడా మన గుణింతం లాంటిదే.

మనకు ఈ పద్ధతి కొత్తది కాదు, దూరం నుండి వచ్చిందీ కాదు. గుత్తి నుండి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలున్నాయి. 1929లో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించాడు. అవి క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దానివి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఆ బ్రాహ్మిలోనే హల్లులో 'అ' దాగి ఉండటం, మిగిలిన అచ్చులకు చిన్న గీతలు తగిలించడం కనిపిస్తాయి. పైన గీత, పక్కన గీత, కింద గీత. మన గుడి, దీర్ఘం, కొమ్ము వాటి వారసులే. కడప జిల్లా కలమళ్ళలో క్రీ.శ. 575 నాటిదని చెప్పే తెలుగు శాసనం దొరికింది. అది కూడా అదే పద్ధతిలో రాసినదే. ఆ తర్వాత చాలాకాలం తెలుగు, కన్నడ దేశాలకు ఒకే లిపి నడిచింది. అందుకే మడకశిర, రాయదుర్గం వైపు పిల్లలు బస్సు మీది కన్నడ బోర్డును కొన్నాళ్ళకే చదివేస్తారు. కొన్ని ఆకారాలు మారాయి గానీ కట్టే పద్ధతి మారలేదు.

2. తెలుగు ముందే తీసుకునే శ్రమ

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈనాటి వాడుకలో లేని ఙ, ఞ లను, ఱ, క్ష లను పక్కన పెడితే మనకు 32 హల్లులున్నాయి. అ నుండి ఔ వరకు, ఋ కాక, 12 అచ్చులు. గుణింతం మొత్తం రాస్తే 32 ఇంటు 12, అంటే 384 ఆకారాలు వస్తాయి. ఇంకా వత్తులున్నాయి. ఇంగ్లీషులో పెద్దబడి, చిన్నబడి కలిపినా 52 ఆకారాలే. ఒకటో తరగతి పిల్లవాడి పలక మీద చూస్తే తెలుగు చాలా బరువైన లిపి అని ఒప్పుకోవాల్సిందే.

అయితే 384 ఆకారాలను 384 విడి వస్తువులుగా బట్టీ పట్టనక్కర లేదు. 32 హల్లులు, 12 అచ్చులు, వాటి 11 గుర్తులు, 32 వత్తులు, సున్న, విసర్గ, వట్రసుడి, పొల్లు – అంతా కలిపితే సుమారు 90 విడిభాగాలు. వీటితో ఎన్ని వేల అక్షరాలైనా కట్టవచ్చు. 'కకు గుడిస్తే కి, కకు కొమ్మిస్తే కు' అని మనం గొంతెత్తి చదివిన గుణింతం ఈ విడిభాగాలు బిగించే పద్ధతిని నేర్పేదే. తెలిసి చదివినవాడికి అది యంత్రం, తెలియకుండా వల్లించినవాడికి అది పాట మాత్రమే. చాలామంది పిల్లలకు 'క' గుణింతం వరసగా వస్తుంది గానీ మధ్యలో వేలు పెట్టి 'కై' ఏదంటే మొదటి నుండి పాడుకుంటూ రావాలి. వాడికి పాట వచ్చింది, గుణింతం రాలేదని అర్థం.

ఈ విడిభాగాలు బిగించడంలో మూడు చోట్ల పిల్లలకు నిజంగా చిక్కు వస్తుంది.

మొదటిది, ఒకే గుర్తు అన్ని హల్లుల దగ్గర ఒకే చోట ఉండకపోవడం. 'కు' లో కొమ్ము పక్కన పైకి ఉంటుంది. 'వు', 'పు' లలో కిందికి దిగుతుంది. దీనికి కారణం ఉంది. 'వ' పక్కన కొమ్మును మామూలు చోట పెడితే అది 'మ' లాగే కనబడుతుంది. ఆ గందరగోళం రాకుండా కొమ్మును కిందికి దించారు. 'మొ', 'యొ' లలో ఒత్వం కూడా 'కొ' లో ఉన్నట్టు ఉండదు. ఈ కారణం చెబితే పిల్లవాడు గుర్తు పెట్టుకుంటాడు. చెప్పకపోతే ఇదొక అర్థం లేని మినహాయింపు.

రెండవది, కొన్ని వత్తులు తమ అక్షరాన్ని పోలి ఉండకపోవడం. ప, గ, ద, బ లాంటి వాటి వత్తులు తలకట్టు లేని అదే అక్షరాలు. చూడగానే తెలుస్తాయి. త, న, మ, య, ర, ల – ఈ ఆరింటి వత్తులు వేరే ఆకారాలు. పైగా మాటల్లో ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే. కాబట్టి ఈ ఆరూ విడిగా నేర్పాల్సినవి.

మూడవది అన్నిటికన్నా పెద్దది. కంటికి కనబడే వరస, నోటితో పలికే వరస ఒకటి కాకపోవడం. 'భక్తి' అనే మాట తీసుకోండి. నోటితో పలికేటప్పుడు క్, త్, ఆ తర్వాత ఇ. కాగితం మీద చూస్తే గుడి 'క' నెత్తిన ఉంది, త వత్తు కింద ఉంది. పై నుండి కిందికి చదివే పిల్లవాడు క్, ఇ, త అనుకుంటాడు. అందుకే 'భకిత' అంటాడు. ఇది బుద్ధిలేని తప్పు కాదు. కంటికి కనబడిన వరసను వాడు నిజాయితీగా చదివాడు. కంప్యూటరులో ఇదే అక్షరాన్ని టైపు చేసేటప్పుడు నోటి వరసే నడుస్తుంది:

```
క + ్ + త + ి = క్తి
```

యంత్రానికి గుడి చివర ఇస్తాం. చేతి రాతలో గుడి ముందు పెట్టి, వత్తు తర్వాత తగిలిస్తాం. మన లిపిలో అక్షరం ఒక చిన్న మిద్దె లాంటిది. దాన్ని వరసలో కాకుండా మొత్తంగా చూసి పలకాలి. అది అలవాటయ్యే వరకు కష్టమే.

ఈ కష్టానికి ఎంత కాలం పడుతుంది? మన పక్క లిపి కన్నడం మీద సోనాలీ నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. 5 నుండి 10 ఏళ్ళ పిల్లలను ఆమె పరిశీలించింది. యూరపులో ఆల్ఫాబెట్ గుర్తులు నేర్చుకోవడానికి పట్టే కాలం కన్నా కన్నడ అక్షరాలన్నీ పట్టుబడటానికి ఎక్కువ కాలం పడుతుందనీ, ఒకటో తరగతితో అది ముగియదనీ తేలింది. అక్షరాన్ని ముక్కగా వినడం ఆ పిల్లలకు తొందరగా వస్తుంది. దాన్ని మళ్ళీ వర్ణాలుగా విడదీసి వినడం మాత్రం ఆలస్యంగా వస్తుంది. ఈ రెండో విషయం ఇంగ్లీషు దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

3. ఇంగ్లీషు తర్వాత తీసుకునే శ్రమ

ఇంగ్లీషు గుర్తులు 26. వారంలో పలక మీద రాయవచ్చు. కానీ ఆ భాషలో ధ్వనులు సుమారు 44. అచ్చులకు ఉన్న గుర్తులు ఐదే. అంటే ఒక గుర్తు ఎన్నో పనులు చేయాలి. బి-యు-టి బట్ అవుతుంది, పి-యు-టి పుట్ అవుతుంది. మధ్యలో ఉన్న యు ఒకటే. ఏ మాటలో ఎలా పలుకుతుందో ఆ అక్షరాన్ని చూసి చెప్పలేం.

ఇలా ఎందుకైంది? ఇంగ్లండులో 1476లో కాక్స్‌టన్ అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వల్ల స్పెల్లింగులు మెల్లగా స్థిరపడసాగాయి. అదే కాలంలో, ఆ తర్వాత రెండు శతాబ్దాల్లో, వాళ్ళ నోట దీర్ఘమైన అచ్చులన్నీ మారిపోయాయి. కె-ఎన్ తో మొదలయ్యే మాటల్లో ఒకప్పుడు కె కూడా పలికేవారు. నోరు మారింది, అచ్చు మారలేదు. దానికి తోడు ఫ్రెంచి, లాటిన్ మాటలను వాటి స్పెల్లింగులతోనే తెచ్చుకున్నారు. అందుచేత ఇంగ్లీషు స్పెల్లింగు పాతకాలపు పలుకును దాచిపెట్టిన పెట్టె లాంటిది.

రాతకూ పలుకుకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని పరిశోధకులు లిపి లోతు అంటారు. మన ప్రాంతం వాళ్ళకు ఈ మాట బాగా అర్థమవుతుంది. నాలుగు నిట్రాళ్ళ లోతు బావిలో బొక్కెన వేస్తే నీళ్ళొస్తాయి. ఆరు వందల అడుగుల బోరుకు మోటారు కావాలి, కరెంటు కావాలి, తెలిసినవాడు కావాలి. రాసింది చూసి పలుకు తెచ్చుకోగల లిపి లోతు తక్కువ లిపి. ఫిన్నిష్, స్పానిష్, గ్రీకు రాతలు అలాంటివి. లిపి ఆల్ఫాబెట్ కావడం వల్లే లోతు రాదని ఇక్కడ గమనించాలి. ఫిన్నిష్ కూడా ఆల్ఫాబెటే. లోతు వచ్చింది ఇంగ్లీషు స్పెల్లింగు చరిత్ర వల్ల.

ఈ లోతు పిల్లల మీద ఎంత ప్రభావం చూపుతుందో 2003లో ఫిలిప్ సేమూర్, ఆయన సహచరులు ప్రకటించారు. యూరపులోని 13 భాషల్లో చదువు మొదలుపెట్టిన పిల్లలకు తెలిసిన మాటల జాబితా ఇచ్చి చదివించారు. మొదటి ఏడాది చివర ఫిన్నిష్, గ్రీకు పిల్లలు నూటికి 98 మాటలు సరిగ్గా చదివారు. ఇంగ్లీషులో చదివే స్కాట్లండు పిల్లలు నూటికి 34 చదివారు. రెండవ ఏడాది చివరికి 76కు వచ్చారు. స్కాట్లండు పిల్లలు ఐదేళ్ళకే బడికి వస్తారు, ఫిన్లండు పిల్లలు ఏడేళ్ళకు వస్తారు. ఆ తేడా ఒక్కటే ఇంత అంతరానికి కారణం కాదని పరిశోధకులు నిర్ధారించారు. ఇంగ్లీషు తల్లిభాషగా, ఇంట్లో పుస్తకాలుండగా చదివే పిల్లల సంగతే ఇది. మన హాస్టలు పిల్లవాడు ఇంగ్లీషు దగ్గర ఆగిపోతే అందులో వింతేముంది?

4. ఇంట్లో చెప్పేవాళ్ళు లేనప్పుడు

ఇక్కడే మనకు సంబంధించిన అసలు విషయం ఉంది. తెలుగు లిపి ముందే ఎక్కువ శ్రమ తీసుకుంటుంది. మూడు, నాలుగు తరగతుల దాకా గుణింతం, వత్తులు అంటూ సతాయిస్తుంది. కానీ ఒకసారి ఆ 90 విడిభాగాలు చేతికొస్తే పిల్లవాడికి ఇక ఎవరూ అక్కర లేదు. జీవితంలో వినని ఊరి పేరు, మందు పేరు, చట్టంలో మాట ఏదైనా సరే, ఒంటరిగా కూర్చుని సరిగ్గా పలకగలడు. పలికితే, విన్న మాటల్లో దాన్ని పోల్చుకోగలడు. ప్రతి కొత్త మాటా వాడికి తనంతట తాను నేర్చుకునే పాఠం అవుతుంది.

ఇంగ్లీషు గుర్తులు ముందు తక్కువ శ్రమ తీసుకుంటాయి. ఆ తర్వాత ప్రతి కొత్త మాట దగ్గరా కొద్దికొద్దిగా వసూలు చేస్తూనే ఉంటాయి. "ఇది ఎలా పలకాలి?" అని అడగడానికి పక్కన ఒకరు ఉండాలి. చదువుకున్న తల్లిదండ్రులున్న ఇంట్లో ఆ ఒకరు ఉంటారు. చెనిక్కాయల చేలో కలుపు తీసి వచ్చిన అమ్మను అడిగితే ఏం చెబుతుంది? మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. చిన్నప్పుడు మాకు తెలుగు పుస్తకం ఒంటరిగా చదువుకునే వీలిచ్చింది. ఇంగ్లీషు పుస్తకం మాత్రం ఎవరినో ఒకరిని అడగమంది. అడగడానికి సిగ్గుపడినవాళ్ళు మాటను మింగేసి ముందుకు పోయారు. కాబట్టి ఐదవ తరగతి వరకు తెలుగులో చదివి ఆరులో ఇంగ్లీషు మాధ్యమంలో చేరే హాస్టలు పిల్లవాడికి పుస్తకాల కన్నా ముందు కావలసింది, పలుకు చెప్పే మనిషి.

5. ఒక పిల్లవాడిని పరీక్షించిన విధం

ఇప్పుడు ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాము. సెలవుల్లో హాస్టలుకు వచ్చి పిల్లలకు స్టడీ అవరులో సాయం చేస్తున్నప్పుడు ఆరవ తరగతి బాలుడు ఒకడు తెలుగు చదవలేడని మా దగ్గరకు పంపారు. వాడిది తండా, ఇంటి భాష లంబాడీ. వాచకంలో మొదటి పాఠం ఇస్తే బాగానే చదివాడు. కానీ చూపు పుస్తకం మీద నిలవలేదు. విని కంఠస్థం చేశాడని అనుమానం వచ్చింది. పాఠంలో మాటలతో ఈ సంగతి ఎప్పటికీ తేలదు. అర్థం లేని మాటలు కావాలి. కాగితం మీద మూడు వరసలు రాశాము.

మొదటి వరస: బిలో, తుకే, గొమి, దైరు.
రెండవ వరస: లప్పి, గొట్టే, తున్ను, బిమ్మా.
మూడవ వరస: నక్తి, బుద్మే, గస్రో, తల్పి.

మొదటి వరసలో 'గొమి'ని 'గెమి' అన్నాడు, మిగిలినవి సరిగ్గా చదివాడు. అంటే గుణింతం దాదాపు వచ్చు. ఒత్వానికీ ఎత్వానికీ తేడా చూసుకోవాలి. రెండవ వరస మొత్తం తప్పు లేకుండా చదివాడు. ఒకే హల్లు రెండుసార్లు వచ్చే ద్విత్వం తెలుగు మాటల్లో నిండా ఉంటుంది. 'అమ్మ', 'నిన్ను' లాంటివి చూసిచూసి కంటికి అలవాటైపోతాయి. మూడవ వరసలో 'నకిత', 'బుదేమ', 'గసోర', 'తలిప' అన్నాడు.

నాలుగూ తప్పే. కానీ నాలుగూ ఒకే తప్పు. వత్తు ఏ అక్షరానిదో ప్రతిసారీ సరిగ్గా పోల్చుకున్నాడు. త వత్తు, మ వత్తు, ర వత్తు కూడా తెలుసు. అచ్చును మాత్రం కంటికి కనబడ్డ చోట, వత్తుకు ముందు పలికాడు. కాబట్టి వాడికి మళ్ళీ 'అ ఆ' నుండి మొదలుపెట్టి దిద్దించడం దండగ. రావలసింది ఒక్క సూత్రం: గుర్తు ఎక్కడున్నా అచ్చును చివర పలకాలి.

దానికి చేసింది ఇది. గుణింతం మనం ఒంటి అక్షరాలకే వల్లిస్తాం, వత్తు అక్షరాలకు వల్లించం. మేము 'క్త' ను ఒక అక్షరంగా తీసుకుని దానికే గుణింతం రాయించాము. క్త, క్తా, క్తి, క్తీ, క్తు, క్తూ, ఇలా చివరిదాకా. ముందు 'క్త' అని పలికించి, పెన్సిలుతో తలకట్టు చెరిపి గుడి పెట్టించి, 'క్తి' అనిపించాము. రోజుకు రెండు వత్తు అక్షరాలు, పావుగంట. వరస కలిపేసి మధ్యలో వేలు పెట్టి అడిగాము. పది రోజులకు కొత్త అర్థం లేని మాటలు రాసి ఇస్తే పదింట ఎనిమిది చదివాడు. వేగం రావడానికి ఇంకా నెలలు పడుతుంది. తప్పు లేకుండా చదవడం వేరు, మాట చూడగానే నోటికి రావడం వేరు.

చదివించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పుస్తకంలో 'వస్తున్నాడు' అని ఉంటే మన పిల్లవాడు 'వస్తాండాడు' అనవచ్చు. దాన్ని చదవలేక చేసిన తప్పుగా లెక్కించకూడదు. వాడు మాటను చదివి, అర్థం చేసుకుని, తన ఇంటి తెలుగులో చెప్పాడు. 'వసుత్నాడు' అంటే అది అసలైన తప్పు. మొదటిదానికి కోప్పడితే అర్థం చేసుకుని చదివే పిల్లవాడు భయపడి అక్షరాలు మాత్రమే చదవడం మొదలుపెడతాడు.

6. తెలుగుకూ కొంత లోతుంది

తెలుగు రాసినట్టే పలుకుతుంది అని గొప్పగా చెప్పుకుంటాం. చదివేవాడికి అది చాలావరకు నిజం. అక్కడక్కడ కాదు. 'బ్రహ్మ' అని రాసి 'బ్రమ్హ' అంటాం. 'చిహ్నం' రాసి 'చిన్హం' అంటాం. 'చ' ఒక్కటే రాసినా 'చిలుక'లో ఒక రకంగా, 'చాప'లో మరో రకంగా పలుకుతాం. సున్నకు 'పంట'లో ఒక పలుకు, 'పంపు'లో మరో పలుకు. కానీ సున్న పలుకును తర్వాతి అక్షరమే చెబుతుంది, కాబట్టి చిక్కు లేదు.

రాసేవాడికి మాత్రం తెలుగు ఇంకొంచెం లోతుగా ఉంటుంది. మన పల్లెల్లో 'భాష'ను 'బాస' అంటాం, 'శనివారం'ను 'సనివారం' అంటాం. నోట తేడా లేని చోట చెవి సాయం చేయదు. భ ఏదో బ ఏదో, శ ష స లలో ఏదో, మాట మాటకూ గుర్తు పెట్టుకోవలసిందే. ఇంగ్లీషు పిల్లలు స్పెల్లింగు నేర్చుకున్నట్టే ఇదీ. కాబట్టి డిక్టేషనులో 'బాశ' అని రాసిన పిల్లవాడికి తెలుగు చదవడం రాదని అనుకోకూడదు. చదవడాన్ని, రాయడాన్ని వేర్వేరుగా చూడాలి.

7. అదే పిల్లవాడికి ఇంగ్లీషు

ఇంగ్లీషు దగ్గర ముందు చెవిని సిద్ధం చేయాలి. తెలుగు పిల్లవాడు క్యాట్ అనే మాటను 'క్యా', 'ట్' అని రెండు ముక్కలుగా వింటాడు. ఇంగ్లీషు స్పెల్లింగుకు మూడు వర్ణాలు వినబడాలి. దీనికి మన పొల్లే పనికొస్తుంది. 'కి' ని 'క్', 'ఇ' అని, 'పిన్' ను 'ప్', 'ఇ', 'న్' అని విడదీయించడం గుణింతం తెలిసినవాడికి రెండు రోజుల పని.

ఆ తర్వాత మాటలను మూడు గంపలుగా వేరు చేయించాము. మొదటి గంప అక్షరం అక్షరం పలికితే వచ్చేవి: పిన్, హాట్, బెడ్. రెండవది కుటుంబాలు. ఐ-జి-హెచ్-టి అనే నాలుగు గుర్తులను ఒకే ముక్కగా 'ఐట్' అని నేర్పితే, ముందు ఎల్ పెట్టి లైట్, ఆర్ పెట్టి రైట్, ఎఫ్ పెట్టి ఫైట్ అని తనే చదువుకుంటాడు. ఇది వత్తు గుణింతం లాంటిదే. మూడవ గంప ఏ కుటుంబానికీ చెందని మాటలు. ఎస్-ఎ-ఐ-డి సెడ్, ఓ-ఎన్-ఇ వన్. ఇవి చిన్నవి, ప్రతి పేజీలో వస్తాయి. వీటికి సూత్రం వెతకడం వృథా, రోజుకు మూడు చొప్పున కంఠస్థం చేయాలి. ఏ మాట ఏ గంపదో తెలియకపోవడం వల్లే పిల్లలు అన్నిటినీ మూడవ గంపలో వేసి బట్టీ పడతారు. అదే మోయలేని బరువు.

ఉచ్చారణను తెలుగు లిపిలో ఇచ్చే ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు హాస్టలు గదిలో ఒకటి ఉంటే, రాత్రి పది గంటలకు అడగడానికి మనిషి దొరకనప్పుడు అది జవాబు చెబుతుంది. మన లోతు తక్కువ లిపి వాళ్ళ లోతైన స్పెల్లింగుకు నిచ్చెన వేసినట్టు. దానికీ హద్దు ఉంది. ఇంగ్లీషులో వి, డబ్ల్యు రెండు ధ్వనులు. మనం రెండింటికీ 'వ' అనే రాస్తాం. జెడ్ ధ్వనికి సరిపడే అక్షరం వాడుకలో లేదు, 'జ' తోనే సరిపెడతాం. మాటను పోల్చుకోవడానికి ఆ ఉచ్చారణ చాలు. సరైన పలుకుకు మాత్రం విని నేర్చుకోవాలి.

సీనియర్లకు, ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఈ ఏడాది ఆరవ తరగతిలో చేరిన ప్రతి పిల్లవాడికీ పైన చెప్పినట్టు పన్నెండు అర్థం లేని మాటలు రాసి ఐదు నిమిషాలు చదివించండి. తప్పులు లెక్కించి వదిలేయకుండా, వాడు ఏమన్నాడో పక్కన అలాగే రాసుకోండి. మొదటి వరసలోనే తప్పితే గుణింతం నుండి మొదలుపెట్టాలి. మూడవ వరసలో మాత్రమే తప్పితే వత్తు గుణింతం చాలు. మూడు వరసలూ వచ్చినవాడు తెలుగుకు సిద్ధం. వాడిని ఇంగ్లీషు మొదటి గంప దగ్గర కూర్చోబెట్టండి. రాత్రి ఎనిమిది నుండి తొమ్మిది వరకు, "అన్నా, ఈ మాట ఎట్ల పలకల్ల?" అని అడిగితే చెప్పే ఒక సీనియరు ఫలానా గదిలో ఉంటాడని నోటీసు బోర్డు మీద పేరు రాసి పెట్టండి.